1729 కోసం పై కుడి మూల నుంచి: గణిత ప్రదర్శన పని డైరీ

డిసెంబరు 2

ఈ నెల 22న శ్రీనివాస రామానుజన్ పుట్టినరోజు. బడిలో గణిత దినోత్సవానికి ప్రతి తరగతీ ఒక బల్ల మీద ఏదో ఒకటి చేసి చూపించాలి. తొమ్మిదో తరగతి నా బాధ్యత. 1729 అంకెను థర్మోకోల్‌తో కోసి, రంగులు వేసి, పక్కన గణితవేత్త హార్డీ 1729 నంబరు టాక్సీలో రామానుజన్‌ను చూడవచ్చిన కథ అతికించడం ప్రతి ఏడూ చూస్తున్నదే. ఈసారి ఆ సంఖ్యను పిల్లలు తమ చేతులతో వెతికి పట్టుకోవాలని నా కోరిక.

1729 రెండు ధన పూర్ణసంఖ్యల ఘనాల మొత్తం. 1³ + 12³ ఒక దారి, 9³ + 10³ మరో దారి. రెండు దారుల్లో ఇలా రాయగలిగిన సంఖ్యల్లో అదే చిన్నది. ఆ జంటలు ముందుగా తెలియకపోతే వాటిని ఎలా కనుక్కుంటాం? వీలైనంత తక్కువ లెక్కతో, ఏదీ తప్పిపోలేదన్న భరోసాతో ఎలా కనుక్కుంటాం? మా బల్ల మీద చూపించాల్సింది అదేనని పిల్లలకు చెప్పాను.

పని మొదలైంది. రెండు డ్రాయింగు చార్టులను అతికించి 28 అంగుళాల చదరంగా కత్తిరించాం. ఒక్కో గడి 2 అంగుళాలు. పైన ఒక వరుస, ఎడమన ఒక వరుస తల సంఖ్యలకు పోగా, 13 అడ్డు వరుసలు, 13 నిలువు వరుసలు మిగిలాయి. రెండు వైపులా 0 నుంచి 12 దాకా సంఖ్యలు వేశాం. 13 ఘనం 2197, అప్పుడే 1729ని దాటిపోయింది కాబట్టి 12తో ఆపాం. x అనే అడ్డు వరుస, y అనే నిలువు వరుస కలిసే గడిలో x³ + y³ రాయాలి. మొత్తం 169 గడులు. నలుగురు పిల్లలు పంచుకున్నారు.

డిసెంబరు 4

పట్టిక నిండింది. మొదటి అడ్డు వరుసలో ఉన్నవి అచ్చమైన ఘనాలు: 0, 1, 8, 27, 64, 125, 216, 343, 512, 729, 1000, 1331, 1728. ఎడమ నుంచి కుడికి వెళ్తే ఏ వరుసలోనైనా సంఖ్యలు పెరుగుతాయి. పై నుంచి కిందికి వచ్చినా పెరుగుతాయి. మాకు కావలసిన గుణం అదొక్కటే.

పిల్లలు దీన్ని వెంటనే ఒప్పుకున్నారు కానీ ఒక పొరపాటు కూడా చేశారు. ఒక అబ్బాయి, "అయితే మొత్తం పట్టికను ఒకే పొడుగు వరుసలా చదువుకోవచ్చు కదా మాస్టారూ, నడి గడి చూసి సగం సగం కొట్టేద్దాం" అన్నాడు. ఇది చాలామంది పడే గుంట. ఒక అడ్డు వరుస చివరి సంఖ్య కంటే తర్వాతి వరుస మొదటి సంఖ్య పెద్దదైతేనే అలా చదవగలం. ఇక్కడ 0వ వరుస 1728తో ముగుస్తుంది, 1వ వరుస 1తో మొదలవుతుంది. వరుసల్లో క్రమం ఉంది, నిలువుల్లో క్రమం ఉంది, పొడుగ్గా చదివితే మాత్రం లేదు. రెండూ వేర్వేరు రకాల పట్టికలని చార్టు మీద వేలు పెట్టి చూపిస్తే వాడికి అర్థమైంది.

డిసెంబరు 5

ఈ రోజు ఒక రూపాయి బిళ్ళ ఇచ్చి, "దీన్ని ఏ గడిలో పెట్టి వెతుకులాట మొదలుపెడతారు?" అని అడిగాను. దాదాపు అందరూ పై ఎడమ మూలలో పెట్టారు. చదవడం అక్కడి నుంచే కదా అలవాటు.

అక్కడ ఉన్నది 0. మాకు కావలసింది 1729. సరే, ఇంకా పెద్దది కావాలి. కుడికి వెళ్ళాలా, కిందికి వెళ్ళాలా? రెండు వైపులా పెరుగుతుంది. బిళ్ళ పట్టుకున్న అమ్మాయి అటూ ఇటూ చూసి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం కోసమే నేను ఎదురుచూశాను. 0తో పోల్చి చూస్తే తెలిసింది ఒక్కటే, ఆ గడి కాదని. 169లో ఒకటి పోయి 168 మిగిలాయి. కింది కుడి మూలలోనూ అదే కథ. అక్కడ 3456 ఉంది, కావలసిన దానికంటే పెద్దది, ఎడమకు వెళ్ళినా పైకి వెళ్ళినా తగ్గుతుంది. మళ్ళీ ఒక్క గడే పోయింది.

ఆ తర్వాత పై కుడి మూలకు వచ్చాం. అక్కడి సంఖ్య 1728. అది తన అడ్డు వరుసలో అన్నిటికంటే పెద్దది, తన నిలువు వరుసలో అన్నిటికంటే చిన్నది. ఈ వాక్యాన్ని బోర్డు మీద రాసి, పిల్లలతో మూడుసార్లు చదివించాను. పద్ధతి మొత్తం ఇందులోనే ఉంది. వరుసలోని పెద్దదే 1729 కంటే తక్కువైతే ఆ వరుసలో ఇంకెవరికీ 1729 అయ్యే అవకాశం లేదు, వరుస మొత్తం పోతుంది. ఒకవేళ మూల సంఖ్య 1729 కంటే ఎక్కువైతే, నిలువులోని చిన్నదే ఎక్కువైందన్న మాట, ఆ నిలువు మొత్తం పోతుంది. ఏ జవాబు వచ్చినా పోయేది పూర్తి వరుసే. పోయాక మిగిలేది మళ్ళీ ఒక దీర్ఘచతురస్రం, దానికీ ఒక పై కుడి మూల ఉంటుంది, ఆ మూలకూ అదే గుణం.

ఒకమ్మాయి, "మరి కింది ఎడమ మూల?" అంది. అదీ పనిచేస్తుంది. అక్కడి సంఖ్య తన వరుసలో చిన్నది, తన నిలువులో పెద్దది. దిశలు తారుమారవుతాయి, అంతే. మేం పై కుడి మూలనే ఖాయం చేసుకున్నాం.

డిసెంబరు 6

నల్ల కాగితాన్ని 2 అంగుళాల వెడల్పు పట్టీలుగా కత్తిరించాం. పోయిన వరుస మీద పట్టీ పరిచి గుండుసూది గుచ్చుతాం. కళ్ళ ముందే పట్టిక చిన్నదవుతూ వస్తుంది.

మొదటి పూర్తి నడకను ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. వరుస 0, నిలువు 12: సంఖ్య 1728, తక్కువ. 0వ వరుసకు పట్టీ, బిళ్ళ కిందికి. వరుస 1, నిలువు 12: 1729. దొరికింది! పిల్లలు కేకలు వేశారు, పక్క తరగతి టీచర్ వచ్చి చూశారు.

దొరికాక ఏం చేయాలన్నది ఆలోచించాల్సిన చోటు. ఒక్కటి దొరికితే చాలనుకుంటే ఆగిపోవచ్చు. మాకు అన్నీ కావాలి. ఈ పట్టికలో ఒకే అడ్డు వరుసలో ఒకే సంఖ్య రెండుసార్లు రాదు, నిలువులోనూ రాదు, ఎందుకంటే పెరుగుదల ప్రతి అడుగులోనూ ఉంది. కాబట్టి 1729 దొరికిన వరుసలో మరో 1729 ఉండదు, ఆ నిలువులోనూ ఉండదు. రెండింటికీ ఒకేసారి పట్టీలు వేసి బిళ్ళను మూలగా కిందికీ ఎడమకూ జరిపాం.

వరుస 2, నిలువు 11: 1339, తక్కువ. కిందికి 1358, 1395, 1456, 1547, 1674. అన్నీ తక్కువే, ఆరు వరుసలు వరుసగా పోయాయి. వరుస 8, నిలువు 11: 1843, ఎక్కువ. 11వ నిలువుకు పట్టీ. వరుస 8, నిలువు 10: 1512, తక్కువ. వరుస 9, నిలువు 10: 1729. రెండోది!

అక్కడితో ఆగలేదు. వరుస 10, నిలువు 9లో మళ్ళీ 1729 వచ్చింది, అది మునుపటి దాని అద్దం బొమ్మ. ఆ తర్వాత 1843, 1674, 2071, 1944, 1853, 1792, 1755, 1736 మీదుగా నడిచి వరుస 12, నిలువు 1లో చివరి 1729ని చేరాం. లెక్కపెడితే మొత్తం 21 గడులు చూశాం. ప్రతి అడుగులో కనీసం ఒక వరుసో ఒక నిలువో పోతుంది, ఉన్నవి 26, చివరిది పోవడానికి ముందే ఆట ముగుస్తుంది కాబట్టి ఎంత చెడ్డ సంఖ్య ఇచ్చినా 25 దాటదు. 169 గడుల పట్టికలో 25.

డిసెంబరు 8

సగం సగం కొట్టేసే అబ్బాయి పట్టు వదల్లేదు. "మాస్టారూ, ఒక్కో అడ్డు వరుసలో విడిగా సగం సగం చేస్తే?" మంచి ప్రశ్న, లెక్క వేశాం. 13 గడుల వరుసలో నడి గడి చూస్తూ పోతే గరిష్ఠంగా 4 పోలికలు. 13 వరుసలకు 52. మా నడక 25. ఈ పట్టికలో నడకదే గెలుపు.

అయితే వాడి పద్ధతి గెలిచే పట్టికలు ఉన్నాయని కూడా చెప్పాను, లేకపోతే అన్యాయం. 3 అడ్డు వరుసలు, 1000 నిలువులు ఉన్న పట్టిక అనుకుందాం. మన నడక ఒక్కో నిలువునూ దాటుకుంటూ 1002 గడుల దాకా చూడాల్సి రావచ్చు. వాడి పద్ధతిలో వరుసకు 10 చొప్పున 30 చాలు. పట్టిక చదరంగా ఉన్నప్పుడు నడక, బాగా సన్నగా పొడుగ్గా ఉన్నప్పుడు సగం సగం.

అప్పుడు నా మనసులో ఉన్న ప్రశ్న నేనే వేశాను. చదరపు పట్టికలో 25 కంటే తక్కువతో ఖచ్చితంగా ముగించే తెలివైన దారి ఏదైనా ఉందా? లేదు, ఎందుకో చార్టు మీదే చూపించవచ్చు. పై కుడి మూల నుంచి కింది ఎడమ మూల దాకా ఏటవాలుగా గీసే గీత మీద 13 గడులు ఉంటాయి. దానికి సరిగ్గా కింద ఉన్న ఏటవాలు గీత మీద 12. ఇప్పుడు మరో పట్టిక ఊహించుకోండి. మొదటి గీతలోని సంఖ్యలన్నీ కావలసిన దానికంటే కొద్దిగా తక్కువ, రెండో గీతలోనివన్నీ కొద్దిగా ఎక్కువ, మొదటి గీతకు పైన ఉన్నవి ఇంకా చిన్నవి, రెండో గీతకు కింద ఉన్నవి ఇంకా పెద్దవి. ఈ 25 గడుల్లో ఏ ఒక్క దాన్నైనా చూడకుండా వదిలేశామనుకుందాం. ఆ ఒక్క గడిలో మనకు కావలసిన సంఖ్యే ఉన్నా పట్టిక క్రమం ఎక్కడా చెడదు. మిగతావన్నీ చూసినా దాని గురించి ఏమీ తెలియదు. కాబట్టి 25నూ చూడక తప్పదు. ఏ పద్ధతికైనా అదే హద్దు, మన నడక సరిగ్గా ఆ హద్దు దగ్గరే ఆగుతుంది. ఇది చెబుతున్నప్పుడు తరగతిలో ముగ్గురికి పూర్తిగా అందిందని నా అంచనా. ఆ ముగ్గురి ముఖాలు చూసి నాకు కలిగిన తృప్తి రాయలేను.

డిసెంబరు 11

అద్దం బొమ్మలు చూసేవాళ్ళను తికమక పెడుతున్నాయి. 9, 10 ఒకసారి, 10, 9 ఒకసారి ఎందుకని అడుగుతున్నారు. వికర్ణానికి కింద ఉన్న సగాన్ని పాత వార్తాపత్రికతో కప్పేశాం. ఇక నియమం సులువు: వరుస సంఖ్య నిలువు సంఖ్యను దాటగానే ఆట ముగుస్తుంది. 1729కి ఇప్పుడు 11 గడులు చాలు. మొదట రెండు సంఖ్యల మధ్య తేడా 12. మామూలు అడుగులో తేడా 1 తగ్గుతుంది, దొరికినప్పుడు 2 తగ్గుతుంది. అందుకే 13 అడుగులు దాటే అవకాశమే లేదు.

డిసెంబరు 14

ఈ రోజు జరిగింది నాకు ఈ ప్రాజెక్టు మొత్తంలో అన్నిటికంటే విలువైన పాఠం.

పాత చార్టు మీద సూదులు గుచ్చీ గుచ్చీ చిరిగిపోవడంతో పిల్లలు కొత్త చార్టు రాశారు. పరీక్షగా 1729 వెతికించాను. 1, 12 జంట దొరికింది. ఆ తర్వాత నడక ముగిసిపోయింది. 9, 10 రాలేదు! నియమం తప్పలేదని బిళ్ళ పట్టుకున్న అమ్మాయి ఒట్టు పెట్టింది. మళ్ళీ నడిచినా అదే జవాబు. పట్టిక ఎక్కడా అరవలేదు, ఏ గడీ ఎర్రగా మెరవలేదు, నింపాదిగా తప్పు చెప్పింది.

పట్టీలు తీసి చూద్దామంటే ఏ పట్టీ ఎందుకు వేశామో ఎవరికీ గుర్తులేదు. అందుకని కొత్త ఏర్పాటు చేశాం: పట్టీ వేసే ముందు దాని మీద తెల్ల పెన్సిల్‌తో కారణం రాయాలి. "1728 < 1729" అని 0వ వరుస పట్టీ మీద, "1843 > 1729" అని 11వ నిలువు పట్టీ మీద. ఇలా మూడోసారి నడిచాక పట్టీలు ఒక్కొక్కటే చదివాం. 10వ నిలువు పట్టీ మీద "1812 > 1729" అని ఉంది. ఆ గడి 8వ వరుసలోది. 512కు 1000 కలిపితే 1512. పాత చార్టులోని 5 ని ఎవరో 8 గా చదివి ఎక్కించారు. ఆ ఒక్క అంకె వల్ల 10వ నిలువు మొత్తం పోయింది, దాంతో పాటు కిందనే ఉన్న అసలైన 1729 కూడా పోయింది. బిళ్ళ 1241 మీదికి, 1458 మీదికి వెళ్ళి, అక్కడి నుంచి వార్తాపత్రిక కిందికి జారిపోయింది.

"అయితే ప్రతి వరుసా పెరుగుతోందో లేదో ముందే చూసుకుంటే సరిపోయేది" అని ఒకరు అన్నారు. చూశాం. 8వ అడ్డు వరుసలో 1241, 1812, 1843. పెరుగుతూనే ఉంది! వరుసల తనిఖీలో ఈ తప్పు దొరకదు. 10వ నిలువులో పై నుంచి చదివితే 1343, 1812, 1729. అక్కడ పట్టుబడింది. అడ్డంగానూ నిలువుగానూ, పక్కపక్క గడుల జతలన్నీ చూడాలి. ఒక వైపు చూసి మరో వైపు నమ్మితే ఇలాగే అవుతుంది.

ఇంకో చిత్రం. వార్తాపత్రిక తీసేసి పూర్తి పట్టిక మీద ఇదే తప్పుతో నడిస్తే 10, 9 గడిలో అద్దం బొమ్మ దొరుకుతుంది, మేం ఏ తప్పూ గమనించకుండా ముందుకు వెళ్ళిపోయేవాళ్ళం. అంతేకాదు, అన్ని తప్పులూ హాని చేయవు. 7వ వరుస, 11వ నిలువులోని 1674ను 1764 అని రాసి చూశాం. ఒక నిలువు తొందరగా పోయింది కానీ అందులో మిగిలినవన్నీ 1729 కంటే పెద్దవే కాబట్టి జవాబు చెక్కుచెదరలేదు. జవాబు సరిగ్గా వచ్చినంత మాత్రాన పట్టిక సరైనదని చెప్పలేం. తనిఖీ విడిగా చేయాల్సిందే.

అయితే ఈ తనిఖీకి పట్టిక మొత్తం చదవాలి, అది వెతకడం కంటే ఎక్కువ పని. ఒక్కసారే వెతికేదైతే తనిఖీ చేసే బదులు గడులన్నీ చూసుకోవడమే మేలు. ప్రదర్శన రోజు వందసార్లు వెతుకుతాం కాబట్టి మాకు ఒక్క తనిఖీ గిట్టుబాటవుతుంది.

డిసెంబరు 17

బల్ల పక్కన ల్యాప్‌టాప్ కూడా పెడదామనుకున్నాం. పెద్ద సంఖ్యలు అడిగేవాళ్ళకు చార్టు చాలదు. ప్రోగ్రాములో పట్టికను నిల్వ చేయనే అక్కర్లేదు. బిళ్ళ ఉన్న గడి విలువను అప్పటికప్పుడు లెక్క కడితే చాలు. చేతిరాత తప్పుల బాధ కూడా ఉండదు.

మొదటిసారి రాసినప్పుడు మొదలుపెట్టే నిలువును ఘనమూలంతో లెక్కించాను: `y = int(n ** (1/3))`. 1729కి బాగానే వచ్చింది. పిల్లలు చిన్న సంఖ్యలు ఒక్కొక్కటే కొడుతూ 64 దగ్గర ఆగారు. 64 అంటే 0³ + 4³, చార్టు మీద మూలకు దగ్గర్లోనే కనిపిస్తోంది, ప్రోగ్రాము మాత్రం ఏ జంటా లేదంది. పైథాన్‌లో `64 ** (1/3)` కొట్టి చూస్తే 3.9999999999999996 వచ్చింది. దాన్ని పూర్ణసంఖ్య చేస్తే 3. అంటే నడక మొదలవకముందే 4వ నిలువును మేమే తీసి పారేశాం, ఏ పోలికా చేయకుండా, ఏ కారణమూ రాయకుండా. 14వ తేదీ తప్పుకు ఇది తోబుట్టువు. మూలను దశాంశాలతో కాకుండా పూర్ణసంఖ్యలతోనే వెతికేలా మార్చాను:

```python
def jantalu(n):
    y = 0
    while (y + 1) ** 3 <= n:
        y += 1
    x = 0
    dorikinavi = []
    while x <= y:
        s = x**3 + y**3
        if s < n:
            x += 1
        elif s > n:
            y -= 1
        else:
            dorikinavi.append((x, y))
            x += 1
            y -= 1
    return dorikinavi
```

50,000 దాకా ప్రతి సంఖ్యనూ ఇచ్చి, రెండు జంటలు ఉన్నవాటిని అచ్చు వేయమన్నాం. ఎనిమిది వచ్చాయి: 1729, 4104, 13832, 20683, 32832, 39312, 40033, 46683. పిల్లలు వాటిని చూస్తూ 13832 అంటే 1729కి ఎనిమిది రెట్లని పట్టేశారు. అవును, జంటలోని సంఖ్యలన్నిటినీ రెట్టింపు చేస్తే మొత్తం ఎనిమిది రెట్లవుతుంది. 46683 ఇరవై ఏడు రెట్లు.

తర్వాత 8,75,39,319 ఇచ్చాం. మూడు దారుల్లో రాయగల సంఖ్యల్లో అన్నిటికంటే చిన్నది ఇదే, 1957లో జాన్ లీచ్ కనుగొన్నారు. నడక 444వ నిలువు దగ్గర మొదలై 167, 436 జంటనూ 228, 423 జంటనూ 255, 414 జంటనూ తెచ్చింది. ఇక్కడ ఎక్కువలో ఎక్కువ 445 గడులే చూస్తాం. జతలన్నీ విడివిడిగా చూసి ఉంటే 99,235 గడులు.

కంప్యూటర్ చెప్పే సహోద్యోగి దీన్ని సి భాషలో రాస్తానన్నారు. ఒక్క జాగ్రత్త చెప్పాను. 32 బిట్ల పూర్ణసంఖ్యలో పట్టేది 214,74,83,647 దాకానే. 1024 ఘనానికి 1024 ఘనం కలిపితే సరిగ్గా ఒకటి ఎక్కువ, అక్కడ విలువ సాధారణంగా రుణసంఖ్యగా తిరగబడుతుంది. వరుసలో పెద్దదై ఉండాల్సినది అన్నిటికంటే చిన్నదై కూర్చుంటే క్రమం పోయినట్టే, నడక మళ్ళీ మౌనంగా తప్పు చెబుతుంది. 64 బిట్లు వాడమన్నాను.

డిసెంబరు 19

ఎనిమిదో తరగతి వాళ్ళు మా పద్ధతిని ఎక్కాల పట్టిక మీద ప్రయోగించారు. అదీ అడ్డంగా నిలువుగా పెరిగేదే. 0 నుంచి 12 దాకా వేసి, 0 ఎన్నిచోట్ల ఉందో వెతికారు. నడక రెండు చెప్పింది. పట్టికలో ఉన్నవి 25.

కారణం వెంటనే దొరికింది. 0వ ఎక్కంలో అన్నీ సున్నాలే, అక్కడ పెరుగుదల లేదు, తగ్గకపోవడం మాత్రమే ఉంది. దొరికిన వెంటనే వరుసనూ నిలువునూ కలిపి పారేయడం అక్కడ చెల్లదు. "ఉందా, లేదా" అనే ప్రశ్నకు మాత్రం ఇబ్బంది లేదు. ఎన్ని ఉన్నాయో కావాలంటే వేరే దారి చూపించాను. ఒక నడకలో 0 కంటే పెద్దవి కానివి ఎన్నో లెక్కపెట్టాలి. ప్రతి వరుసలో బిళ్ళ ఎక్కడిదాకా జరిగి ఆగితే అక్కడికి ఎడమన ఉన్న గడులన్నీ ఒక్కసారిగా లెక్కలోకి వస్తాయి. రెండో నడకలో 0 కంటే చిన్నవి ఎన్నో లెక్కపెట్టాలి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే జవాబు. 12 ఎన్నిసార్లు వచ్చిందో కూడా అలాగే లెక్కపెట్టి ఆరు అని వాళ్ళే చెప్పారు.

డిసెంబరు 22

ఉదయం తొమ్మిదింటికి చార్టును ఇంకోసారి అడ్డంగా, నిలువుగా తనిఖీ చేశాం. 1512 గడిని ఒక అబ్బాయి ప్రత్యేకంగా రెండుసార్లు చూశాడు.

రోజంతా జనం వచ్చారు. ఎక్కువమంది 1729 అడిగారు, వాళ్ళకు రెండు జంటలూ చూపించి పంపాం. మధ్యాహ్నం ఒక విద్యార్థి తాతగారు వచ్చారు. కాసేపు నిలబడి చూసి, "1730 వెతకండమ్మా" అన్నారు. ఆ సంఖ్య మేమెవ్వరం ముందుగా వెతికి చూడలేదు.

బిళ్ళ 1728 మీద పెట్టారు, తక్కువ. 1729 కూడా తక్కువే. 1736 ఎక్కువ, 12వ నిలువు పోయింది. 11వ నిలువులో 1339 నుంచి 1674 దాకా ఆరు వరుసలు పోయాయి. 1843తో 11వ నిలువు పోయింది. 1512 తక్కువ, 1729 తక్కువ, 2000 ఎక్కువ. 10వ నిలువు మీద కూడా పట్టీ పడింది. ఇక బిళ్ళ పెట్టడానికి చోటు లేదు. వార్తాపత్రిక పైన ఉన్న సగమంతా నల్లబడింది.

"లేదండీ" అంది అమ్మాయి.

"లేదని నాకెలా తెలుస్తుంది? మీరు చూసింది పదమూడు గడులే కదమ్మా, మిగతావాటిలో ఉందేమో" అన్నారాయన.

ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. మొదటి పట్టీ మీద వేలు పెట్టింది. "ఈ వరుసలో అన్నిటికంటే పెద్దది 1728 అండీ. ఇక్కడ రాశాం చూడండి. 1730 కంటే తక్కువ. అందుకని ఈ వరుసలో ఉండదు." రెండో పట్టీ. "ఇందులో పెద్దది 1729." మూడోది నిలువు పట్టీ. "పైన రెండు గడులూ ముందే పోయాయి కదండీ, మిగిలిన వాటిలో చిన్నదే 1736. ఇందులోనూ ఉండదు." ఆయన కళ్ళజోడు సర్దుకుని వంగి, పదమూడు పట్టీలూ తానే ఒక్కొక్కటి చదువుకుంటూ వెళ్ళారు. 10వ నిలువు పట్టీ దగ్గర ఆగి, వేళ్ళ మీద 1000కి 1000 కలుపుకొని తల ఊపారు. తర్వాత సూదులు పీకి, పట్టీలన్నీ తీసి, బిళ్ళను మళ్ళీ పై కుడి మూలలో పెట్టి, "ఈసారి నేను నడుస్తాను, సంఖ్య మీరు చెప్పండి" అన్నారు.